అర దెబ్బ ముందు పడే అక్షరం

పాటంతా మరచిపోయినా ఒక్క హుక్ లైన్ మాత్రం నోట్లో ఆడుతూనే ఉంటుంది. దానికి కారణం చాలాసార్లు బాణీలోనే కాదు, అక్షరం తాళంలో ఎక్కడ పడిందన్నదానిలోనూ ఉంటుంది. ముఖ్యమైన అక్షరాన్ని దెబ్బ మీద కాకుండా దెబ్బల మధ్య వేయడాన్ని సింకోపేషన్ అంటారు. రావలసిన దెబ్బకు కాస్త ముందే అక్షరాన్ని అందుకోవడం అందులో ఒక పద్ధతి.

‘రావే వెన్నెలా’ అని ఒక లైను అనుకుందాం. నాలుగు దెబ్బల ఆవృతం. ముందు సాదాగా పాడదాం. ‘రా’ రెండో దెబ్బ మీద, ‘వే’ మూడో దెబ్బ మీద, ‘వెన్’ నాలుగో దెబ్బ మీద పడతాయి. ‘నె’ ఆ తర్వాతి అర దెబ్బకు, ‘లా’ తర్వాతి ఆవృతం మొదటి దెబ్బకు వస్తాయి. తప్పేమీ లేదు, కానీ చప్పగా ఉంటుంది.

ఇప్పుడు ‘రా’ను అక్కడే ఉంచి, మిగతా అక్షరాలన్నిటినీ అర దెబ్బ ముందుకు జరపండి. ‘వే’ రెండుకీ మూడుకీ మధ్య మొదలై మూడో దెబ్బ మీదుగా సాగుతుంది. ‘లా’ నాలుగో దెబ్బ దాటగానే మొదలై, మొదటి దెబ్బ పడే వేళకు ఇంకా మోగుతూనే ఉంటుంది. నిమిషానికి 100 దెబ్బల వేగంలో ఈ తేడా 0.3 సెకను మాత్రమే. అయినా లైనుకు ఊపు వస్తుంది.

వినేవాడి మనసు మొదటి దెబ్బ కోసం ముందే సిద్ధంగా ఉంటుంది. అక్షరం ముందే వచ్చేస్తే, ఖాళీగా మిగిలిన ఆ దెబ్బను అతని తలో కాలో పూరిస్తుంది. అందుకే గొంతు ముందుకు జరిగినా, డ్రమ్ మొదటి దెబ్బను గట్టిగా చెబుతూనే ఉండాలి. రెండూ కలిసి జరిగిపోతే ఆనవాలు పోతుంది.

తెలుగులో ఇంకో సంగతి చూసుకోవాలి. ముందుకు జరిపి సాగదీసే చోట గురువు ఉండాలి. ‘వే’, ‘లా’ దీర్ఘాలు కాబట్టి హాయిగా నిలిచాయి. అక్కడ లఘువు పడితే ‘వెన్నెల’ కాస్తా ‘వెన్నెలా’ అయిపోయి మాట వికటిస్తుంది.

మోతాదు మించినా చేటే. డ్రమ్ లయలపై 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, సింకోపేషన్ మధ్యస్థంగా ఉన్నప్పుడే శ్రోతలకు ఎక్కువగా కదలాలనిపించింది. గొంతు విషయంలోనూ ప్రతి అక్షరమూ ముందే పడితే చెవి ఆ చోటునే అసలు దెబ్బగా లెక్కేసుకుంటుంది, ఊపు మాయమవుతుంది. అందుకే ‘రా’ను దెబ్బ మీదే ఉంచాం.

అర దెబ్బ ముందు పాడటం వేరు, తొందరపడటం వేరు. సంగీతం ఆపేసి చేత్తో తాళం వేస్తూ లైను పాడి చూడండి. ‘లా’ అందుకోగానే చెయ్యి కూడా దానితోపాటు పడితే లయ జారినట్టే. ‘లా’ సాగుతుండగా చెయ్యి తన వేళకే పడితే లైను కుదిరినట్టు.