గనికి మందు, గుండెకు మందు

తెలుగులో "మందు" అనే మాట తమాషా అయింది. డాక్టరు ఇచ్చేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే. ఇవి రెండు వేరు వేరు వస్తువులనీ, పేరు మాత్రం ఒకటేననీ మనం అనుకుంటాం. కాని రెండు అర్థాలకూ సరిపోయే పదార్థం నిజంగానే ఒకటి ఉంది. అదే నైట్రోగ్లిసరిన్.

మీరు ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే బస్సెక్కితే దారిలో కొత్తగూడెం తగులుతుంది. అది బొగ్గుగనుల ఊరు. దానికి దగ్గర్లోని ఇల్లందు ప్రాంతంలో 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును కనుక్కొన్నాడు. భూమి లోపల బొగ్గును గొడ్డలితో నరుక్కురాలేరు కదా! గోడకు రంధ్రాలు తొలిచి, వాటిలో పేలుడు మందు కూరి, దూరంగా నిలబడి పేలుస్తారు. మన దేశపు గనుల్లో చాలాకాలం వాడిన పేలుడు మందుల్లో నైట్రోగ్లిసరిన్ ఉండేది. 2004 నుంచి దాన్ని పేలుడు మందుల్లో కలపడం ప్రభుత్వం నిషేధించింది. గనుల్లోకి ఇప్పుడు అంతకంటె భద్రమైన మందులు వచ్చాయి.

గని నుంచి వెళ్ళిపోయిన నైట్రోగ్లిసరిన్ మందులషాపులో మాత్రం ఇంకా ఉంది. గుండె నొప్పి వచ్చినవాళ్ళు నాలుక కింద పెట్టుకొనే చిన్న మాత్రలో ఉండేది అదే!

"అయ్యబాబోయ్, మా తాతయ్య నోట్లో పేలదు కదా?" అని మీకు అనుమానం రావచ్చు. పేలదు. మాత్రలో ఉండేది సుమారు 0.5 మిల్లీగ్రాము, అంటే గ్రాములో రెండు వేలవ వంతు. దాన్ని పాలచక్కెర వంటి పొడిలో బాగా కలిపేసి ఉంచుతారు. నేలకేసి కొట్టినా అది పేలే ప్రసక్తి లేదు.

తలనొప్పి చెప్పిన రహస్యం

నైట్రోగ్లిసరిన్‌ను 1847లో ఇటలీ దేశస్థుడైన సొబ్రేరో తయారుచేశాడు. ఆ రోజుల్లో రసాయన శాస్త్రజ్ఞులకు ఒక చెడ్డ అలవాటు ఉండేది. కొత్త పదార్థాన్ని రుచి చూసేవారు. సొబ్రేరో కూడా కొంచెం నాలుకకు రాసుకొన్నాడు. వెంటనే తల పగిలిపోయేటంత నొప్పి పుట్టింది. ఆ తరువాత డైనమైటు ఫాక్టరీలలో పనిచేసేవారికి కూడా ఇలాంటి తలనొప్పే వచ్చేది. చర్మం గుండా, శ్వాస గుండా నైట్రోగ్లిసరిన్ వాళ్ళ ఒంట్లోకి చేరి, తలలోని రక్తనాళాలను వెడల్పు చేయడమే దీనికి కారణం.

తలలో రక్తనాళాలను వెడల్పు చేసే పదార్థం మిగతా ఒంట్లో ఊరుకొంటుందా? 1879లో లండన్ డాక్టరు విలియం మరెల్ దీన్ని అతి కొద్ది మోతాదులో గుండెనొప్పి రోగులకు ఇచ్చి, నొప్పి తగ్గుతుందని ప్రకటించాడు. ఇంకో వింత చూడండి. డైనమైటు కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో గుండె జబ్బు వచ్చింది. డాక్టర్లు ఆయనకు రాసిన మందు నైట్రోగ్లిసరినే! ఇది విధి విలాసం కాదా అని 1896లో ఆయన ఒక ఉత్తరంలో వాపోయాడు.

చెరువు వెడల్పయితే మోటారుకు సుఖం

ఇంతకూ ఈ మందు చేసే పని ఏమిటి? "గుండె నాళంలో అడ్డం పడ్డ కొవ్వును కరిగిస్తుంది" అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అడ్డం అలాగే ఉంటుంది.

గుండె కూడా ఒక కండరమే. దానికి ప్రాణవాయువును మోసుకువచ్చే నాళాలను హృద్ధమనులంటారు. అవి సన్నబడినప్పుడు, కూర్చున్నంతసేపూ ఉన్న రక్తం సరిపోతుంది. గట్టు ఎక్కినా, మూట మోసినా గుండె వేగం పెరిగి ప్రాణవాయువు చాలదు. అప్పుడు రొమ్ము మీద బండ పెట్టినట్లు నొప్పి వస్తుంది. దీనికి హృదయశూల అని పేరు.

మన ఒంట్లో ఉన్న రక్తంలో సుమారు మూడింట రెండు వంతులు ఎప్పుడూ సిరల్లో ఉంటుంది. సిరలు చెరువుల లాంటివనుకోండి. గుండె ఆ నీరు తోడే మోటారు. నైట్రోగ్లిసరిన్ ముఖ్యంగా ఈ సిరల గోడల్లోని కండరాలను సడలిస్తుంది. చెరువు వెడల్పయింది గనక నీరు అక్కడే కొంత నిలిచిపోతుంది, మోటారు దగ్గరకు వచ్చేది తగ్గుతుంది. తోడే పని తగ్గితే గుండెకు ప్రాణవాయువు అవసరమూ తగ్గుతుంది. నొప్పి నెమ్మదిస్తుంది. హృద్ధమనులు కూడా కొంత వెడల్పవుతాయి గాని, అసలు లాభం మాత్రం ఈ పని తగ్గడం వల్లనే.

నాళాలు సడలడానికి కారణం కూడా తెలిసింది. నైట్రోగ్లిసరిన్ నుంచి శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది నాళం గోడలోని కణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే పదార్థాన్ని తయారుచేయిస్తుంది. ఆ పదార్థమే కండరానికి "ఇక వదులు" అని చెబుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఈ పనిని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి 1998లో బహుమతి వచ్చింది. ఏ బహుమతో ఊహించారా? నోబెల్ బహుమతే!

తునికాకు కల్లం దగ్గర

ఇప్పుడొక సంఘటన ఊహించుకొందాం. వేసవికాలం. చర్ల వైపు అడవి అంచున ఒక పల్లె. తునికాకు కట్టలు కల్లానికి వస్తున్నాయి. కల్లేదారు తాతగారికి హృదయశూల ఉంది. డాక్టరు ఆయనకు నైట్రోగ్లిసరిన్ మాత్రలు రాసిచ్చాడు. కట్టలు ఎత్తి పేరుస్తుంటే ఆయనకు రొమ్ము బిగబట్టింది. తొమ్మిదో తరగతి చదివే మనవడు పక్కనే ఉన్నాడు.

"తాతా, ముందు కూర్చో" అన్నాడు మనవడు. ఇది మొదటి మెట్టు. మందు పడగానే రక్తపోటు తగ్గుతుంది, నిలబడి ఉంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. పైగా ఎండకు చెమట పోసి ఒంట్లో నీరు తగ్గినవాడికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. తాత చెట్టు నీడన మంచం మీద కూర్చున్నాడు.

నోట్లో ఉన్న వక్కాకు ఉమ్మేసి, నోరు ఎండి ఉంటే ఒక గుక్క నీటితో తడుపుకొని, మాత్రను నాలుక కింద పెట్టుకొన్నాడు. మింగలేదు. మింగితే కడుపు నుంచి కాలేయానికి పోతుంది. కాలేయం దాన్ని చాలావరకు పాడుచేస్తుంది. నాలుక కింద పల్చటి చర్మం గుండా అయితే నేరుగా రక్తంలో కలుస్తుంది. ఒకటి నుంచి మూడు నిమిషాల్లో గుణం కనిపిస్తుంది.

మనవడు గడియారం చూస్తున్నాడు. అయిదు నిమిషాలయింది. నొప్పి తగ్గలేదు. ఇప్పుడేం చెయ్యాలి? 108కి ఫోను చెయ్యాలి. ఇది గుండెపోటు కావచ్చు. మనవడు అదే చేశాడు. అప్పుడు తాత రెండో మాత్ర పెట్టుకొన్నాడు. ఇంకో అయిదు నిమిషాలకూ తగ్గకపోతే మూడోది. అంతే, పదిహేను నిమిషాల్లో మూడింటికి మించకూడదు. మధ్యలో కళ్ళు తిరిగినా, స్పృహ తప్పేటట్లున్నా రెండోది కూడా పెట్టకూడదు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచాలి. "నేనే మోటారుసైకిలు మీద భద్రాచలం పోతాను" అని తాత లేచినా పోనివ్వకూడదు.

మొదటి మాత్రతో నొప్పి పోయి తల దిమ్మెక్కినట్లుంటే భయం లేదు. అది సొబ్రేరో తలనొప్పే!

తాత మాత్రలు చొక్కా జేబులో కాగితం పొట్లంలో ఉన్నాయనుకోండి. అప్పుడు కథ మారుతుంది. నైట్రోగ్లిసరిన్ ఆవిరైపోయే గుణం గలది. వేసవి ఎండకు, ఒంటి వేడికి అది మెల్లగా ఎగిరిపోతుంది, ప్లాస్టిక్ డబ్బా అయితే దాన్ని పీల్చేస్తుంది. మిగిలేది పాలచక్కెర బిళ్ళే. అందుకే అది వచ్చిన రంగు గాజుసీసాలోనే, మూత గట్టిగా బిగించి, చల్లని చోట ఉంచాలి. మూత తీసిన తేదీ సీసా మీద రాయాలి. కొన్ని రకాల మాత్రలను అప్పటినుంచి 8 వారాలకే పారెయ్యమంటారు.

మన షాపుల్లో దీని దాయాది ఐసోసార్బైడ్ డైనైట్రేట్ కూడా విరివిగా దొరుకుతుంది. ఈ కుటుంబాన్నంతా కలిపి నైట్రేట్లంటారు. ఇప్పుడు చెప్పబోయే హెచ్చరిక ఈ కుటుంబం మొత్తానికీ వర్తిస్తుంది.

తూము మూసి కుళాయి తిప్పితే

తొట్టిలోకి కుళాయి నుంచి నీళ్ళు పడుతుంటాయి, అడుగున తూము గుండా పోతుంటాయి. తొట్టిలో నీళ్ళు సైక్లిక్ జీఎంపీ అనుకోండి. నైట్రేటు మాత్ర కుళాయిని తిప్పుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు పోగొట్టే తూము ఒక ఎంజైము. దాని పేరు ఫాస్ఫోడైఎస్టరేజ్-5. తూము ఉంది గనకనే నాళాలు హద్దు మీరి సడలవు.

సిల్డెనాఫిల్ అనే మందు సరిగ్గా ఈ తూమునే మూస్తుంది. దాన్ని మొదట హృదయశూల కోసమే పరీక్షించారు. అందుకు అంతగా పనికిరాలేదు గాని, మగవారి లైంగిక సమస్యకు 1998 నుంచి వాడుకలోకి వచ్చింది. ఊపిరితిత్తుల నాళాల్లో రక్తపోటు పెరిగినవారికి కూడా ఇస్తారు. టడలాఫిల్ దీని తమ్ముడు.

విడివిడిగా అయితే డాక్టరు సలహాతో ఇవి రెండూ వాడదగినవే. కలిస్తే మాత్రం కుళాయి పూర్తిగా తిప్పి, తూము మూసినట్లు. తొట్టి పొంగిపోతుంది. ఒంట్లోని నాళాలన్నీ ఒక్కసారి సడలి, రక్తపోటు అమాంతం పడిపోతుంది. మెదడుకూ, చివరికి ఆ సన్నబడ్డ హృద్ధమనులకూ రక్తం చాలదు. ప్రాణమే పోవచ్చు. అందుకే ఈ జంట నిషిద్ధం. సిల్డెనాఫిల్ వేసుకొన్న తరువాత కనీసం 24 గంటలు, టడలాఫిల్ అయితే కనీసం 48 గంటలు ఏ నైట్రేటూ తీసుకోకూడదు. ఆలోగా గుండెనొప్పి వస్తే నైట్రేటు జోలికి పోకుండా 108 పిలిచి, వేసుకొన్న మందు పేరు చెప్పాలి.

చిక్కెక్కడంటే, ఈ రెండో మందు సంగతి చాలామంది సిగ్గుపడి ఇంట్లో చెప్పరు, డాక్టరుకూ చెప్పరు. మరికొందరికి పేరే తెలియదు. షాపువాడు పట్టీ నుంచి కత్తిరించి రెండు మాత్రలిస్తాడు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. అందుకని కల్లేదారు మనవడు 108 వచ్చేలోగా చేసిన చివరి పని ఇది. తాత పెట్టెలో ఉన్న మాత్రలన్నీ, ఖాళీ పట్టీలతో సహా, ఒక సంచిలో వేశాడు. "ఇంకేమైనా వేసుకొన్నావా తాతా? నాకు చెప్పకపోయినా ఫరవాలేదు, బండిలో వచ్చే ఆయనకు చెప్పు" అన్నాడు.

మీ ఇంట్లో ఇలాంటి సీసా ఉంటే ఈ సాయంత్రం ఒకసారి తీసి చూడండి. మూత బిగుతుగా ఉందా? తేదీ రాసి ఉందా? చీటీ మీద పేరు చదవడానికి వీలుగా ఉందా? పక్కింటాయనకు రొమ్ము నొప్పి వచ్చిందని అందులోంచి ఒక మాత్ర ఇవ్వబోతే మాత్రం ఆపండి. ఆయన అంతకుముందు ఏ తూము మూసుకొని ఉన్నాడో మీకు తెలియదు.