ఒకదాన్నొకటి గెలిచే నాలుగు పాచికలు

మొదటి సంఖ్య రెండోదాని కంటే, రెండోది మూడోదాని కంటే పెద్దవైతే, మొదటిది మూడోదాని కంటే కూడా పెద్దదే. గణితంలో దీన్ని సంక్రమణ ధర్మం అంటారు. పాచికల గెలుపోటములకు ఈ ధర్మం వర్తించకపోవచ్చు. అలాంటి వాటిని అసంక్రమణ పాచికలు అంటారు. వీటిలో బాగా పేరున్నవి అమెరికా గణాంక శాస్త్రవేత్త బ్రాడ్లీ ఎఫ్రాన్ రూపొందించిన నాలుగు పాచికలు. మార్టిన్ గార్డ్‌నర్ 1970లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వీటి గురించి రాశారు.

ఈ పాచికల ఆరు ముఖాల మీద అంకెలు ఇలా ఉంటాయి:

ఎర్రది: 4, 4, 4, 4, 0, 0
తెల్లది: 3, 3, 3, 3, 3, 3
నీలిది: 6, 6, 2, 2, 2, 2
పచ్చది: 5, 5, 5, 1, 1, 1

ఇద్దరు ఆటగాళ్లు చెరొక పాచిక తీసుకుని వేస్తారు. పెద్ద అంకె పడినవారిదే గెలుపు. ఒక్కో పాచికకు ఆరు ముఖాలు కాబట్టి రెండు పాచికలు కలిసి 36 రకాలుగా పడవచ్చు. అవన్నీ సమానంగా సంభవిస్తాయి. వాటిలో ఎన్నింటిలో గెలుపు వస్తుందో లెక్కిస్తే సంభావ్యత తెలుస్తుంది.

ఎర్రదానికి 4 పడితే తెల్లదాని మీద గెలుపు ఖాయం, 0 పడితే ఓటమి ఖాయం. నాలుగు ముఖాల మీద 4 ఉంది కాబట్టి గెలిచే సందర్భాలు 4 × 6 = 24. సంభావ్యత 24/36, అంటే 2/3. నీలిదానికి 2 పడినప్పుడల్లా తెల్లదే గెలుస్తుంది. అవి కూడా 24 సందర్భాలే.

నీలిదానికీ పచ్చదానికీ పోటీ అయితే లెక్కను రెండు భాగాలుగా చేయాలి. నీలిదానికి 6 పడితే ఎదుట ఏం పడినా గెలుపే: 2 × 6 = 12. దానికి 2 పడితే, పచ్చదానికి 1 పడినప్పుడు మాత్రమే గెలుస్తుంది: 4 × 3 = 12. మొత్తం 24. పచ్చది ఎర్రదాని మీద గెలిచేవీ అన్నే: 5 పడితే 3 × 6 = 18, 1 పడితే 3 × 2 = 6.

ఇలా ఎర్రది తెల్లదాన్ని, తెల్లది నీలిదాన్ని, నీలిది పచ్చదాన్ని, పచ్చది మళ్లీ ఎర్రదాన్ని 2/3 సంభావ్యతతో గెలుస్తాయి. అందుకే ముందుగా పాచికను ఎంచుకున్నవారికే నష్టం. వారు ఏది తీసుకున్నా, దాన్ని గెలిచే పాచిక రెండోవారికి దొరుకుతుంది.

సగటు చూసి పాచికను ఎంచుకుంటే పొరపాటవుతుంది. నీలిదాని సగటు సుమారు 3.33, తెల్లదాని సగటు 3. అయినా నీలిదే ఎక్కువసార్లు ఓడుతుంది. సగటులో 6కు పూర్తి విలువ దక్కుతుంది. ఆటలో మాత్రం 3 మీద 4తో గెలిచినా, 6తో గెలిచినా ఒక్క గెలుపే. ఎంత తేడాతో గెలిచారన్నది లెక్కలోకి రాదు.

ఈ 2/3 ఆధిక్యం వరుసలో పక్కపక్కన ఉన్న పాచికల మధ్యే ఉంటుంది. తెల్లదీ పచ్చదీ తలపడితే చెరో 18 సందర్భాలు, అంటే సమానం. ఎర్రదాని మీద నీలిది 20 సందర్భాల్లో గెలుస్తుంది, అంటే 5/9 మాత్రమే. పైగా 2/3 ఆధిక్యం ఉన్నా, ఒక్కసారి వేసే ఆటలో ఓడే అవకాశం 1/3 ఉంటుంది. మూడు ఆటల్లో కనీసం రెండు గెలవాలని నియమం పెడితే గెలుపు సంభావ్యత 20/27కు, అంటే సుమారు 74 శాతానికి చేరుతుంది. ఆటల సంఖ్య పెరిగేకొద్దీ రెండోవారి ఆధిక్యం మరింత స్పష్టమవుతుంది.