వర్క్‌షాప్‌లో చివరి సీటు

నాలుగు శనివారాల వర్క్‌షాప్‌కు శిక్షణ సంస్థ రెండు రకాల టికెట్లు అమ్ముతుందనుకుందాం: నాలుగు రోజులకూ కలిపి ఒకటి, ఒక్క రోజుకు మరొకటి. హాల్లో 30 సీట్లు. మూడో శనివారానికి విడి టికెట్లు ఎక్కువగా పోయి ఒక్క సీటే మిగిలితే, మిగతా రోజుల్లో పదేసి ఖాళీలున్నా సిరీస్ టికెట్ ఇక ఒక్కటే అమ్మాలి. రోజువారీ లెక్క లేని పేజీ ఇంకా అమ్ముతూ పోతుంది. మూడో శనివారం కొందరికి కుర్చీ ఉండదు.

అంతకంటే పెద్ద చిక్కు డబ్బు కట్టే కొద్ది నిమిషాల్లో వస్తుంది. ఫారం నింపగానే పేజీ ఆ సీటును, సాధారణంగా పది నిమిషాలో పావుగంటో, ఆ వ్యక్తి కోసం ఆపి ఉంచుతుంది. రుసుము 2,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 360, మొత్తం 2,360. పది నిమిషాల గడువున్న పేజీలో ఒకామె యూపీఐతో కడుతుంది. ఖాతాలో డబ్బు తగ్గుతుంది కానీ బ్యాంకు జవాబు పన్నెండో నిమిషానికి గానీ సంస్థకు చేరదు. ఈలోగా ఆ సీటు ఇంకొకరికి వెళ్లిపోయింది. మంచి పేజీ వెంటనే డబ్బు వాపసు మొదలుపెట్టి ఆమెకు మెసేజ్ పంపుతుంది. నాసిరకం పేజీ ఒకే సీటుకు రెండు టికెట్లు ఇస్తుంది, లేదా ఏమీ చెప్పదు. ఏమీ చెప్పకపోవడం మరీ అన్యాయం.

డబ్బు కట్ అయినంత మాత్రాన సీటు ఖాయం కాదు. టికెట్ నంబరుతో మెయిల్ రావాలి. రాకపోతే మళ్లీ కట్టకుండా, యూపీఐ యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరును సంస్థకు పంపాలి. ఆ చెల్లింపు ఎక్కడ ఆగిందో వాళ్లు దాంతోనే వెతకగలరు.