హెడ్మాస్టరు గారి వీడ్కోలు సభలో ఆ నాలుగు నిమిషాలు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయులకు 62 ఏళ్లు నిండిన నెల చివరి రోజే పదవీ విరమణ. ఆ సాయంత్రం శాలువా, పూలదండ, సన్మానపత్రం సిద్ధంగా ఉంటాయి. ప్రసంగం మాత్రం చాలాచోట్ల చివరి నిమిషంలో రాస్తారు.

అక్కడే విశేషణాలు వరదలా వస్తాయి. ‘క్రమశిక్షణకు మారుపేరు’ అన్న మాట ఏ హెడ్మాస్టరుకైనా సరిపోతుంది. ‘ఉదయం బెల్లు కొట్టకముందే గేటు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని తిట్టకుండా అన్నం తిన్నావా అని అడిగేవారు’ అంటే ఆయనొక్కరికే సరిపోతుంది. అలాంటి సంఘటనలు రెండు చాలు. ప్రసంగం నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది.

‘తీరని లోటు’ అనే మాటను కొట్టేయాలి. అది సంతాప సభల్లో వినిపించే మాట.

బడికి బెంచీలిచ్చిన సంస్థ తరఫున తెలుగు రాని అతిథి వచ్చారనుకుందాం. ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులోకి మారిస్తే పిల్లలు కబుర్లలో పడతారు. స్వాగతం తర్వాత ఒక వాక్యం, ముగింపుకు ముందు రెండు వాక్యాలు చాలు: ‘అవర్ హెడ్మాస్టర్ న్యూ ఎవ్రీ చైల్డ్ బై నేమ్. థాంక్యూ ఫర్ బీయింగ్ విత్ అజ్ టుడే.’ ఇంగ్లీషు తడబడేవారు వీటిని ఇలా తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు.

చివరి మాట మాత్రం తెలుగులో, అతిథుల వైపు కాకుండా హెడ్మాస్టరు గారి వైపు తిరిగి చెప్పాలి. ఆయన భార్యాపిల్లల పేర్లు, సర్వీసు సంవత్సరాలు ముందురోజే ఇంట్లోవాళ్లను అడిగి సరిచూసుకోండి.