ఇంటిపేరు వేరు, తండ్రి పేరు వేరు

మా వీధి చివరి ఇంటి అమ్మాయి నన్ను బాబాయిగారూ అని పిలుస్తుంది. ఓ సాయంత్రం కాగితాల సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మొదటి పెళ్లి పరస్పర సమ్మతితో విడాకులై ముగిసింది. పిల్లవాడిని కోర్టు ఆమెకే అప్పగించింది. తరువాత మళ్లీ పెళ్లి చేసుకున్నది. కొడుక్కి పదేళ్లు. ఐదో తరగతి పూర్తయి, ఆరో తరగతికి వేరే బడిలో చేర్చబోతే అక్కడి హెడ్మాస్టరు చేర్చుకోనన్నారట.

కారణం చిన్నదే. పాత బడిలో రెండేళ్ల క్రితం తల్లి నోటిమాటగా చెప్తే, టీచరు దయతలచి మార్కుల కార్డు మీద కొత్త ఇంటిపేరు రాసేసింది. అడ్మిషన్ రిజిస్టరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. టి.సి. రాసేది ఆ రిజిస్టరు చూసే కదా! అందుచేత టి.సి.లో, ఆధార్‌లో ఒక ఇంటిపేరు, మార్కుల కార్డుల్లో మరొకటి. "ఇద్దరు పిల్లల కాగితాలు తెచ్చారేమిటమ్మా?" అన్నారట హెడ్మాస్టరు.

దీనికి తోడు ఒక పెద్దమనిషి సులువు చెప్పాడు: రెండో భర్తనే తండ్రిగా చూపిస్తూ కొత్త జనన ధ్రువపత్రం పుట్టిస్తే ఏ గొడవా ఉండదని. వద్దమ్మా అన్నాను. జననాల రిజిస్టరు బిడ్డ పుట్టిననాటి సంగతిని చెప్పేది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 15వ సెక్షను ప్రకారం అందులో తప్పు పడితే దిద్దుతారు. దిద్దినా మొదటి రాతను చెరపరు, పక్కన మార్జిన్‌లో రాస్తారు. తల్లికి తరువాత పెళ్లి కావడం రిజిస్టరులో పడిన తప్పు కాదు. అదే బిడ్డకు రెండో జననం నమోదు చేయించడం అబద్ధపు నమోదు. పాస్‌పోర్టు నాడో, ఆస్తి పంపకం నాడో అది బయటపడితే చిక్కుల్లో పడేది పిల్లవాడే.

"నీకు కావలసింది ఇంటిపేరు మారడమా, తండ్రి పేరు మారడమా?" అని అడిగాను. ఆమె తెల్లబోయింది. ఈ రెండూ ఒకటేనని మనలో చాలామంది అనుకుంటాం. పేరు ముందుండే పొడి అక్షరం మారితే తండ్రి కూడా మారిపోయినట్టే మన లెక్క. చట్టం లెక్క అది కాదు.

ఇంటిపేరు పిలుపు మాత్రమే. అది మారినా కన్నతండ్రి తండ్రే. ఆయన ఇవ్వవలసిన మనోవర్తి, ఆయన ఆస్తిలో పిల్లవాడి వారసత్వం ఎక్కడికీ పోవు. విడాకులు భార్యాభర్తల బంధాన్ని తెంచుతాయిగాని తండ్రీబిడ్డల బంధాన్ని తెంచవు. తల్లి రెండో భర్త పెళ్లితోనే బిడ్డకు చట్టరీత్యా సంరక్షకుడు కాడు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో తండ్రి అంటే మారుతండ్రి కాదని స్పష్టంగా రాసి ఉన్నది.

తండ్రి పేరే మారాలంటే దత్తత కావాలి. హిందువుల్లో 1956 నాటి దత్తత చట్టం ప్రకారం సాధారణంగా బిడ్డకు పదిహేనేళ్లు నిండకూడదు. కన్నతండ్రి బతికి ఉంటే, విడాకులైనా సరే, ఆయన సమ్మతి ఉండాలి. దత్తపత్రం రిజిస్టరు చేయిస్తే గట్టి సాక్ష్యం అవుతుంది. అయితే ఆనాటి నుంచి కన్నతండ్రితో చట్టపరమైన బంధం తెగిపోతుంది. అంతకు ముందే పిల్లవాడికి సంక్రమించిన ఆస్తి ఉంటుంది గాని, ముందు ముందు రావలసిన వారసత్వం ఉండదు.

ఇదంతా విని, "సుప్రీంకోర్టు తల్లి ఇష్టమే అన్నదిగా బాబాయిగారూ?" అన్నది. అన్నమాట నిజమే. 2022 జూలై 28న వచ్చిన ఆ తీర్పు మన తెలుగు కుటుంబానిదే. బిడ్డకు మూడు నెలలైనా నిండకముందే తండ్రి పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నది. తాతా నాయనమ్మా కోర్టుకెక్కితే, బిడ్డకు పాత ఇంటిపేరే తిరిగి పెట్టాలనీ, కన్నతండ్రి పేరు చూపడానికి వీల్లేని చోట రెండో భర్తను మారుతండ్రిగా రాయాలనీ 2014లో హైకోర్టు ఆదేశించింది. అది బిడ్డ మనసును ఆలోచించని క్రూరమైన ఆదేశమని సుప్రీంకోర్టు కొట్టివేసింది. తండ్రి పోయాక తల్లే ఏకైక సహజ సంరక్షకురాలు గనుక ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనన్నది. ఆ మారుతండ్రి 2019లోనే బిడ్డను దత్తత తీసుకున్నాడు కూడా.

ఇక్కడ మాట 'తండ్రి పోయాక' అన్నది. మా అమ్మాయి మొదటి భర్త బతికే ఉన్నాడు, నెలకోసారి వచ్చి కొడుకును చూసి వెళుతున్నాడు. ఆ తీర్పు కాగితం చూపించి పని జరిపించుకోవడం కుదరదు.

ఈ మాటల మధ్య, గుమ్మం దగ్గర కూచున్న పిల్లవాడు, "నాన్న పేరు కొట్టేస్తారా అమ్మా?" అని అడిగాడు. మేమిద్దరం కాసేపు మాట్లాడలేదు. దత్తత మాట ఆ సాయంత్రంతో ఆగిపోయింది. ఇంటిపేరు ఒక్కటే మార్చాలని నిశ్చయించుకున్నారు.

ఆ తరువాత పని ఒక వరసలో నడిచింది. విడాకుల డిక్రీకి సర్టిఫైడ్ కాపీ తీయించి, పిల్లవాడు తల్లి దగ్గరే ఉండాలన్న వాక్యం ఉన్నదో లేదో చూశాం. మొదటి భర్తకు ఉత్తరం రాస్తే, తండ్రిగా తన పేరు తీయకుండా ఉంటే అభ్యంతరం లేదని నోటరీ ముందు సంతకం చేసి పంపాడు. ఆయన కాదంటే కోర్టుకు వెళ్లి అనుమతి కోరవలసి వచ్చేది. విడాకుల ఒప్పందంలోనే ఈ మాట ఒక పంక్తి రాయించుకుని ఉంటే ఈ ఉత్తరమే అక్కరలేకపోను. ఆ పైన, పాత పేరూ కొత్త పేరూ ఒకే పిల్లవాడివని తల్లి అఫిడవిట్టు, వార్తాపత్రికలో ప్రకటన, మైనరు గనుక తల్లి దరఖాస్తు మీద గెజిట్టు.

ఈ లోపల చదువు ఆగకుండా, టి.సి.లో ఉన్న పాత పేరుతోనే బడిలో చేర్చాం. గెజిట్టు చేతికి వచ్చాక హెడ్మాస్టరుకు అర్జీ పెట్టాం. అడ్మిషన్ రిజిస్టరు మారిందని తెలిశాకనే ఆధార్ సంగతి చూసుకున్నాం. జనన ధ్రువపత్రం మాత్రం ఉన్నట్టే ఉన్నది. దానికీ కొత్త పేరుకీ మధ్య వంతెన గెజిట్టు. దాని అసలు ప్రతి జాగ్రత్త!

ఇదంతా పదో తరగతి పేర్ల జాబితా బోర్డుకు వెళ్లే లోపల జరగాలి. సి.బి.ఎస్.ఇ. బడుల్లో తొమ్మిదో తరగతిలోనే పేర్లు నమోదవుతాయి. సర్టిఫికెట్టు అచ్చయ్యాక బరువు పెరుగుతుంది. ఇష్టపూర్వకంగా మార్చుకున్న పేరును సర్టిఫికెట్టులో చేర్చాలంటే కోర్టు ప్రకటన, గెజిట్టు రెండూ కావాలని సి.బి.ఎస్.ఇ. మీద వచ్చిన వ్యాజ్యంలో 2021 జూన్ 3న సుప్రీంకోర్టు చెప్పింది.

మొన్న ఆ పిల్లవాడు కొత్త గుర్తింపు కార్డు తెచ్చి చూపించాడు. పేరు ముందు అమ్మ ఇంట్లో అందరికీ ఉన్న ఇంటిపేరే. కింద తండ్రి అన్నచోట పాత పేరే. "రెండూ ఉన్నాయి తాతయ్యా," అన్నాడు.