చేరినవాళ్లలో మిగిలిందెవరు?

భాషా పాఠాలు నేర్పే ఒక యాప్ ఉందనుకుందాం. దాన్ని జనవరిలో 1,000 మంది వాడారు. ఫిబ్రవరిలో 1,900, మార్చిలో 3,200, ఏప్రిల్‌లో 4,980 మంది వాడారు. ఈ అంకెలు చూసినవాళ్లెవరైనా యాప్ దూసుకుపోతోందనే అంటారు. కానీ లోపల అది నెలనెలా నీరసపడుతోంది.

ఆ సంగతి తెలియాలంటే జనాన్ని చేరిన నెల ప్రకారం బ్యాచ్‌లుగా విడదీయాలి. ఇలాంటి బ్యాచ్‌నే కోహార్ట్ అంటారు. జనవరిలో చేరిన మనిషి ఎప్పటికీ జనవరి బ్యాచే. ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది తర్వాతి నెలల్లో తిరిగొచ్చారో చూడటమే రిటెన్షన్ లెక్క.

జనవరిలో చేరిన 1,000 మందిలో ఫిబ్రవరికి 400, మార్చికి 250, ఏప్రిల్‌కి 240 మంది వచ్చారు. అంటే నూటికి 40, 25, 24. ఇక్కడ భాగించాల్సింది ఎప్పుడూ మొదట చేరిన వెయ్యితోనే. అంతకుముందు నెల వచ్చినవాళ్లతో భాగిస్తే 240 మందికి 96 శాతమన్న తప్పుడు లెక్క వస్తుంది. ఫిబ్రవరిలో కొత్తగా 1,500 మంది చేరితే మరుసటి నెల వచ్చింది 450 మందే, అంటే 30 శాతం. మార్చిలో చేరిన 2,500 మందిలో ఏప్రిల్‌కి మిగిలింది 500, అంటే 20 శాతం. నలభై, ముప్ఫై, ఇరవై. ఏప్రిల్ మొత్తం అంత పెద్దగా కనిపించడానికి కారణం ఆ నెల కొత్తగా చేరిన 4,000 మంది. చేరికలు ఆగిన నెలలోనే ఆ మొత్తం కూలిపోతుంది.

జనవరి బ్యాచ్‌లో మాత్రం మంచి కబురుంది. 25 నుంచి 24కి వచ్చేసరికి పతనం దాదాపు ఆగింది. మిగిలినవాళ్లకు యాప్ అలవాటైందనడానికి అది తొలి గుర్తు. తర్వాతి బ్యాచ్‌లు ఎందుకు జారాయో తెలియాలంటే వాళ్లు ప్రకటన చూసి వచ్చారా, స్నేహితులు చెబితే వచ్చారా అని మళ్లీ విడదీసి చూడాలి.

లెక్క తప్పే చోట్లూ ఉన్నాయి. జనవరి 31న చేరి, ఫిబ్రవరి 1న మళ్లీ యాప్ తెరిచిన మనిషి ఒక్క రోజు తేడాతోనే ‘తర్వాతి నెల వచ్చినవాడు’ అయిపోతాడు. అందుకే చాలామంది క్యాలెండర్ నెలలు వదిలి, చేరిన రోజు నుంచి 30 రోజుల చొప్పున లెక్కిస్తారు. సర్వర్ గడియారం గ్రీనిచ్ సమయంలో ఉంటే, మన దగ్గర ఫిబ్రవరి 1 తెల్లవారుజామున 2 గంటలకు చేరినవాళ్లు జనవరి ఖాతాలో పడతారు. ఇంకా పూర్తికాని నెల అంకెను పాత నెలలతో పోల్చకూడదు. ఆ గడిని ఖాళీగా వదలాలి.

అన్నిటికన్నా ముందు ‘తిరిగి రావడం’ అంటే ఏమిటో తేల్చుకోవాలి. నోటిఫికేషన్ నొక్కి వెంటనే మూసేసినవాళ్లనూ కలిపితే శాతం పెరుగుతుంది గానీ పాఠం నేర్చుకున్నవాళ్లు పెరగరు. ఈ యాప్‌కి ఒక పాఠం పూర్తి చేయడమే సరైన కొలత.

ఏదైనా యాప్ లక్షల డౌన్‌లోడ్లు చూపించి పెట్టుబడి అడిగితే, ఆర్నెల్ల కిందట చేరినవాళ్లలో నూటికి ఎంతమంది ఈ నెల వాడారో అడగండి.