నెలాఖరు లాభం నిజమా, మన వెతుకులాట మహిమా?

నెల చివరి ట్రేడింగ్ రోజు, కొత్త నెలలో మొదటి మూడు రోజులు. షేర్ మార్కెట్ లాభమంతా ఈ నాలుగు రోజుల్లోనే ఉంటుందని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. ఇది ఉత్త పుకారేమీ కాదు. లకోనిషోక్, స్మిట్ అనే ఇద్దరు 1988లో అమెరికా డౌజోన్స్ సూచీ 90 ఏళ్ల లెక్కలు ప్రచురించారు. ఆ నాలుగు రోజుల సగటు రాబడి 0.473 శాతం. మామూలుగా ఏ నాలుగు రోజులు తీసుకున్నా వచ్చే సగటు 0.061 శాతమే.

సరే, మనమూ నిఫ్టీ డేటా దించుకుని వెతుకుదాం అనుకోండి. నెలకి సుమారు 20 ట్రేడింగ్ రోజులు. ఏ రోజునైనా మొదలుపెట్టి, 1 నుంచి 5 రోజుల వరకు పట్టుకోవచ్చు. అంటే 100 విండోలు. మార్కెట్‌కి క్యాలెండర్‌తో ఏ సంబంధమూ లేకపోయినా, 5 శాతం పరీక్షలో సగటున ఐదు విండోలు పాసైపోతాయి! వాటిలో బాగున్నదాన్ని ఏరి, దానికొక్కదానికే పీ-వాల్యూ చూపిస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

దీనికి విరుగుడు, మనం వెతికిన తీరునే పరీక్షించడం. క్యాలెండర్ సంబంధం తెగిపోయేలా ఒక దొంగ డేటా తయారుచేసి, అందులోనూ 100 విండోలూ వెతికి, గెలిచినదాని స్కోరు రాసుకోండి. ఇలా 1000 సార్లు. అసలు డేటాలో గెలిచిన విండో స్కోరుని ఈ వెయ్యి విజేతలతో పోల్చాలి. అందులో 180 మంది మనదాన్ని దాటేస్తే పీ-వాల్యూ 0.18 అన్నమాట, అది అంతకుముందు ఎంత ముచ్చటగా కనిపించినా సరే.

దొంగ డేటా చేసేటప్పుడే చాలామంది పప్పులో కాలేస్తారు. మొత్తం డేటాని ఒకేసారి ఏడు రోజులు ముందుకి జరిపితే లాభం లేదు. నిజంగా నెలాఖరు ప్రభావం ఉంటే అదీ ఏడు రోజులు జరుగుతుంది, మన వెతుకులాట దాన్ని అక్కడా పట్టేసుకుంటుంది. అప్పుడు నిజమైన ప్రభావం కూడా ఫెయిలవుతుంది. అందుకే ఒక్కో నెలనీ విడిగా, వేర్వేరు రోజులు గుండ్రంగా తిప్పాలి. అలా చేస్తే నెల లోపల పక్కపక్క రోజుల ఒడిదుడుకుల వరస కూడా పెద్దగా చెదరదు.

అయినా ఒక లోటు ఉంటుంది. మనకంటే ముందు వెతికినవాళ్ల విండోలు ఈ 100లో లేవు కదా. సలివాన్, టిమ్మర్‌మన్, వైట్ 2001లో అదే చేశారు. దాదాపు 9,500 క్యాలెండర్ సూత్రాలన్నీ లెక్కలోకి తీసుకుంటే, వందేళ్ల డేటాలో అన్నిటికన్నా మంచి సూత్రం కూడా నిలబడలేదు. మరోవైపు మెక్‌కానెల్, షూ 2008లో, సూత్రం ముందే తెలిసిపోయాక వచ్చిన 1987–2005 డేటా చూస్తే, నెలాఖరు ప్రభావం ఇంకా ఉంది. నాకైతే ఈ రెండోదే గట్టి సాక్ష్యం అనిపిస్తుంది. ఆ నాలుగు రోజుల్ని ఎంచుకున్నప్పుడు ఆ డేటా ఎవరి దగ్గరా లేదు.

మన దగ్గర అలాంటి డేటా కావాలంటే, చివరి ఐదేళ్లు మొదటి రోజే పక్కన పెట్టేయాలి. విండో ఒకటి కాగితం మీద రాసుకున్నాకే తెరవాలి, అదీ ఒక్కసారే. ఫలితం నచ్చక విండోని ఒక రోజు అటూ ఇటూ జరిపి మళ్లీ చూశారా, ఆ ఐదేళ్లు కూడా పాత డేటాలో కలిసిపోయినట్టే.